మూడు కౌంటర్లలో ఏది స్లో? బిల్లింగ్ రిపోర్టులో ఎలా కనిపెట్టాలి

ప్రశ్న: "మాది పాలకొల్లు దగ్గర చిన్న సూపర్ మార్కెట్ అండి, మూడు కౌంటర్లు. సాయంత్రాలు లైను తలుపు దాకా వస్తోంది. నాలుగో కౌంటర్ పెట్టమంటున్నారు. సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టులు బోలెడున్నాయి గానీ వాటిలో ఏం చూడాలో తెలియట్లేదు."

నాలుగో కౌంటర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి, కాస్త ఆగండి. మాది అమలాపురం వైపు, మాకూ మూడే కౌంటర్లు. రెండేళ్ల క్రితం నేనూ ఇదే టెన్షన్‌లో ఉండి, తప్పు కౌంటర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ముందు గంటలవారీ బిల్లుల రిపోర్టు తీయండి. అందరూ అందులో పెద్ద అంకె ఎక్కడుందా అని చూస్తారు, నేను మాత్రం అంకెలు ఎక్కడ ఎదగడం ఆగిపోయాయో చూడమంటాను. మాకు మామూలు మంగళవారం ఆరు నుంచి ఏడు వరకు 41 బిల్లులు, తర్వాతి గంటలో 52, ఆ తర్వాత 29. జనం వచ్చారు, వెళ్లారు, అంతే. శనివారం చెరువుల మీద పనిచేసేవాళ్లకి కూలి డబ్బులు అందే రోజు, ఆ రోజు మాత్రం 67, 66, 65. మూడు గంటలూ ఒకేలా వచ్చిన జనం కాదండీ అది, మా మూడు కౌంటర్లు కలిసి గంటకి కొట్టగలిగింది అంతే. మిగతావాళ్లు లైన్లో నిలబడ్డారు, వాళ్ల బిల్లులు తర్వాతి గంటలోకి జరిగాయి. లైను చూసి బుట్ట అక్కడే పెట్టేసి వెళ్లిపోయినవాళ్లయితే ఏ రిపోర్టులోనూ ఉండరు.

ఇలా అంకెలు చదునుగా ఉన్న గంటల్నే కౌంటర్ల పోలికకి వాడండి. ఖాళీగా ఉన్న టైమ్‌లో రెండు బిల్లుల మధ్య గ్యాప్ అంటే కస్టమర్ లేడని కావచ్చు, రద్దీ గంటలో అయితే గ్యాప్ అంటే ఒక మనిషికి పట్టిన టైమే. మాది ఒక శనివారం ఆరు నుంచి ఎనిమిది వరకు, రెండు గంటల లెక్క చెప్తాను. ఒకటో కౌంటర్ 52 బిల్లులు, రెండోది 31, మూడోది 50. నేను చూసిందీ, మా బావమరిది చూపించిందీ ఆ 31నే. రెండో కౌంటర్‌లో కూర్చునే ఆవిడ పెద్దామె, నెమ్మది మనిషి, సరే ఈమే అనుకున్నాం. తర్వాత బిల్లులో ఎన్ని ఐటమ్స్ ఉన్నాయో కూడా తీస్తే కథ మారిపోయింది. ఒకటో దాంట్లో బిల్లుకి సగటున 9, రెండోదాంట్లో 14, మూడోదాంట్లో 6. నెలసరుకుల ట్రాలీలన్నీ రెండోదానికే వెళ్తున్నాయి, అక్కడ సామాన్లు పెట్టే బల్ల పెద్దది కాబట్టి. ఐటమ్‌కి ఎంత పట్టిందో చూస్తే ఒకటోది సుమారు 15 సెకన్లు, రెండోది 17, మూడోది 24. వేగంగా బిల్లులు కొడుతోందనుకున్న మూడో కౌంటరే అసలు వెనకబడింది. (ఐటమ్స్ అంటే బిల్లులో వరసలు లెక్కపెట్టండి, క్వాంటిటీ కాదు. ఒకే సబ్బు పన్నెండు కొంటే క్యాషియర్‌కి అది ఒక వరసే.)

ఇక్కడితో ఆగితే మళ్లీ తప్పు చేసినట్టే. చిన్న బిల్లులో డబ్బులు తీసుకునే టైమ్ కొద్ది ఐటమ్స్ మీదే పడుతుంది కాబట్టి మూడోది ఎలాగూ కాస్త చెడ్డగానే కనపడుతుంది. స్కానింగ్ నెమ్మదా, డబ్బులు తీసుకోవడం నెమ్మదా అన్నది విడగొట్టాలి. దానికి బిల్లులవారీ రిపోర్టుని ఎక్సెల్‌లోకి దింపి, ముందు కౌంటర్ ప్రకారం, అందులో టైమ్ ప్రకారం సార్ట్ చేయండి. మొదటి కాలమ్‌లో కౌంటర్, రెండోదాంట్లో తేదీ, టైమ్ కలిపి, మూడోదాంట్లో ఐటమ్స్ పెట్టి, నాలుగోదాంట్లో మూడో వరస నుంచి ఇది:

```
=IF(A3=A2,(B3-B2)*86400,"")
```

ఇది ముందు బిల్లుకీ ఈ బిల్లుకీ మధ్య ఎన్ని సెకన్లో ఇస్తుంది. ఆరు నిమిషాలు దాటిన గ్యాప్‌లు తీసేయండి, అవి రోల్ మార్చడమో టీ తాగడమో అయ్యుంటాయి. ఆ తర్వాత ఒకటి రెండు ఐటమ్స్ ఉన్న బిల్లులు మాత్రం ఫిల్టర్ చేసి, గ్యాప్‌లని వరసగా పేర్చి మధ్యలో వచ్చేది చూడండి. మాకు ఒకటో కౌంటర్‌లో 55 సెకన్లు వచ్చింది, మూడోదాంట్లో నిమిషం నలభై ఐదు. పాల ప్యాకెట్, బ్రెడ్ కొన్నవాడికి నిమిషం నలభై ఐదా! స్కానింగ్‌లో అంత పోదు. డబ్బుల దగ్గరే పోతోందని తేలిపోయింది.

వెళ్లి పక్కన నిలబడి చూశాను. మూడో కౌంటర్ మెట్ల కింద ఉంటుంది, పైన స్లాబు. అక్కడ యూపీఐ సౌండ్‌బాక్స్‌కి సిగ్నల్ అందక డబ్బులు పడినా పలకదు. పిల్ల ఏం చేస్తోందంటే కస్టమర్ ఫోన్ చేతిలోకి తీసుకుని, అందులో అంకె చూసి, నమ్మకం కలగక ఒకటో కౌంటర్‌కి కేక వేస్తోంది: "అన్నా, నూట పద్దెనిమిది పడిందేమో చూడు!" అతను తన బిల్లు ఆపి చూడాలి. అంటే మూడోది ఒకటోదాన్ని కూడా లాగేస్తోంది. సౌండ్‌బాక్స్‌ని వైర్ అందినంత మేర గోడ దాటించి కిటికీ పక్కన పెట్టాం. తర్వాతి వారాల్లో చిన్న బిల్లుల గ్యాప్ నిమిషానికి దిగింది, ఆ రెండు గంటల్లో 133 ఉండే బిల్లులు 150 దాటాయి, ఎనిమిది తర్వాత గంట మాత్రం పల్చబడింది. అలా పల్చబడిందంటేనే లైను కరిగినట్టు.

ఇదంతా చేసే ముందు మీ రిపోర్టుని ఒకసారి పరీక్షించండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు బిల్లు తెరిచిన టైమ్ వేస్తాయి, కొన్ని సేవ్ చేసిన టైమ్. ఒక బిల్లు తెరిచి అయిదు నిమిషాలు వదిలేసి సేవ్ చేస్తే తెలిసిపోతుంది. తెరిచిన టైమ్ అయితే గ్యాప్‌ని తర్వాతి బిల్లుకి కాకుండా ముందు బిల్లుకి అంటగట్టాలి. హోల్డ్‌లో పెట్టి మళ్లీ తీసిన బిల్లుల్ని కూడా ఇలాగే చూసుకోండి, అవి వరస తప్పిస్తాయి. కౌంటర్ల కంప్యూటర్ గడియారాలు కూడా కలపండి, మా రెండోది ఏడు నిమిషాలు ముందుండేది. ఒకే కౌంటర్‌లో గ్యాప్‌కి దాంతో ఇబ్బంది లేదు గానీ గంటలవారీ లెక్క చెడిపోతుంది. క్యాషియర్ పేరు మీద రిపోర్టు తీస్తే అసలు నమ్మకండి, భోజనానికి వెళ్లేటప్పుడు పక్కవాళ్లు అదే లాగిన్‌లో కూర్చుంటారు. కౌంటర్ నంబర్ మీద తీయండి.

మా రెండో కౌంటర్ ఆవిడకి మాత్రం ఇంకా 17 సెకన్లే పడుతోంది. బెల్లం, పప్పులు లాంటి లూజు సరుకులకి కోడ్ చేత్తో కొట్టాల్సి రావడం వల్ల. తూకం దగ్గరే స్టిక్కర్ అంటించి పంపమని గోడౌన్ కుర్రాడికి చెప్పాను, వారంలో మూడు రోజులు అంటిస్తున్నాడు.