హెచ్-4 మీద ఉద్యోగం: ముందు చూడాల్సింది ఐ-94 మీది తేదీ

ప్రశ్న: మావారు డాలస్‌లో హెచ్-1బీ మీద పనిచేస్తున్నారు. నేను హెచ్-4 మీద వచ్చాను. బీకామ్, సీఏ ఇంటర్ చేసి హైదరాబాద్‌లో ఐదేళ్లు అకౌంట్స్‌లో పనిచేశాను. మావారి ఐ-140 రెండు నెలల క్రితం అప్రూవ్ అయింది. మా ఐ-94లు ఇంకా పది నెలలున్నాయి. మా పక్కింటావిడ కూడా భర్త వీసా మీదే వచ్చింది, ఏ కార్డూ లేకుండానే ఉద్యోగం చేస్తోంది. నాకెందుకు కుదరదు? పాత కంపెనీ వాళ్లేమో ఇక్కడి నుంచే పని చేయమంటున్నారు, జీతం ఇండియా ఖాతాలోనే వేస్తారట. ఒక కన్సల్టెన్సీ ఐటీలోకి రమ్మంటోంది. నేనేం చేయాలి?

జవాబు: మీ పక్కింటావిడది బహుశా ఎల్-2 అయి ఉంటుంది. కంపెనీ బదిలీ మీద ఎల్-1తో వచ్చినవాళ్ల భార్యకో భర్తకో 2021 నవంబరు నుంచి ఆ వీసాతోపాటే పనిచేసే హక్కు వస్తోంది. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు మీద ఎల్-2ఎస్ అని ఉంటే చాలు, విడిగా కార్డు అక్కర్లేదు. హెచ్-4కి ఆ వెసులుబాటు లేదు. మీరు ఐ-765 ఫారం వేసి, పని అనుమతి కార్డు, అంటే ఈఏడీ, చేతికొచ్చాకే పని మొదలుపెట్టాలి. అందువల్ల ఆవిడ అనుభవాన్ని మీకు లెక్కగా తీసుకోకండి.

హెచ్-4 వాళ్లకు ఈఏడీ ఇచ్చే నిబంధన 2015 మే 26న అమల్లోకి వచ్చింది. హెచ్-4 ఉన్న ప్రతి ఒక్కరికీ అది రాదు. హెచ్-1బీ మీద ఉన్నవారి గ్రీన్‌కార్డు కోసం వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్నందువల్ల వాళ్లకు ఆరేళ్ల పరిమితి దాటి పొడిగింపు దొరికి ఉండాలి. మీవారి ఐ-140 అప్రూవ్ అయింది కాబట్టి మీకు అర్హత వచ్చేసింది. ఈ నిబంధనను కొట్టేయాలని ఏళ్ల తరబడి నడిచిన కేసును 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. కాబట్టి దారి తెరిచే ఉంది.

ఈ కార్డు గొప్పతనం ఏమిటంటే, అది ఏ యజమానికీ కట్టుబడి ఉండదు. మీవారి హెచ్-1బీ ఒక కంపెనీకి, ఒక ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. మీ ఈఏడీతో మీరు ఏ కంపెనీలోనైనా, ఏ రంగంలోనైనా, పార్ట్‌టైమ్‌గానైనా, సొంతంగానైనా పనిచేయొచ్చు.

అసలు చిక్కు తేదీల దగ్గరుంది. మీ కార్డు గడువు మీ హెచ్-4 గడువును దాటదు. ఐ-94 ఇంకా పది నెలలే ఉంది. ఈరోజే ఐ-765 వేశారనుకుందాం, కార్డు రావడానికి నాలుగు నెలలు పట్టిందనుకుందాం. అప్పుడు మీ చేతికొచ్చేది ఆరు నెలల కార్డు. ఫీజు మాత్రం మూడేళ్ల కార్డుకి కట్టేదే, పేపర్ మీద వేస్తే 520 డాలర్లు. ఇంతకుముందైతే రెన్యువల్ సకాలంలో వేసినవాళ్లలో చాలామందికి పాత కార్డు గడువు దానంతటదే పెరిగేది. 2025 అక్టోబరు 30 నుంచి వేస్తున్న రెన్యువల్స్‌కి ఆ సౌకర్యం తీసేశారు. హెచ్-4 పొడిగింపు గడువులోపే వేసి ఉంటే మీరు దేశంలో ఉండొచ్చు, కానీ కార్డు గడువు ముగిసిన రోజునే పని ఆపాలి. కొత్త కార్డు వచ్చేదాకా జీతం లేకుండా కూర్చోవాలి. ఎంతకాలం పని ఆపాలో చెప్పలేని ఉద్యోగిని కంపెనీలు ఊరికే అట్టిపెట్టుకోవు.

కాబట్టి రెండు విడతలుగా వెళ్లండి. మొదటి ఐ-765 ఇప్పుడే వేయండి. ఐ-140 అప్రూవల్ నోటీసు, మీవారి హెచ్-1బీ అప్రూవల్ నోటీసు, ఆయన కొత్త పే స్లిప్పులు, మీ పెళ్లి సర్టిఫికెట్, మీ ఐ-94, పాస్‌పోర్టు కాపీలు, ఫొటోలు జతచేయండి. సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా కావాలని అదే ఫారంలో టిక్ పెట్టండి, దానికోసం విడిగా ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

రెండో విడత ఇప్పటికి నాలుగు నెలల తర్వాత. హెచ్-1బీ పొడిగింపును గడువుకు ఆరు నెలల ముందు నుంచి వేయొచ్చు. అది తెరుచుకున్న మొదటి వారంలోనే వేయమని మీవారు తన కంపెనీ లాయర్‌కి ఇప్పుడే చెప్పి పెట్టాలి. ఐ-140 అప్రూవ్ అయి, గ్రీన్‌కార్డు క్యూలో వంతు రానివాళ్లకు సాధారణంగా మూడేళ్ల పొడిగింపు వస్తుంది. దానితోపాటే మీ హెచ్-4 పొడిగింపు కోసం ఐ-539, కొత్త కార్డు కోసం మరో ఐ-765 వెళ్లాలి. ఈఏడీ రెన్యువల్ కూడా గడువుకు 180 రోజుల ముందు నుంచే వేయొచ్చు కాబట్టి మూడూ ఒకే కట్టగా కుదురుతాయి. ప్రీమియం కడితే హెచ్-1బీ ఫలితం 15 పనిదినాల్లో వస్తుంది. మీ హెచ్-4కి, ఈఏడీకి ప్రీమియం లేదు, వాటి వేగం వాటిదే. చాలా కుటుంబాలు బోల్తా పడేది ఇక్కడే. ఆయనది వచ్చేసింది కదా, మనదీ వచ్చేస్తుందనుకుని కొత్త ఉద్యోగంలో చేరే తేదీ ఒప్పేసుకుంటారు.

ఫీజు రెండుసార్లు దండగ కదా అనిపించవచ్చు. అమెరికాలో మొదటి ఆరు నెలల అనుభవం విలువ నా దృష్టిలో ఆ 520 డాలర్ల కంటే చాలా ఎక్కువ. కాకపోతే మొదటి కార్డు మీద కాంట్రాక్టు పనులు, సీజన్ పనులు వెతకండి. పర్మనెంట్ ఉద్యోగాల వేట మూడేళ్ల కార్డుతో చేయండి.

ఒక జాగ్రత్త మీవారికి కూడా చెప్పండి. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు నిండకముందే ఆయన కంపెనీ మారి, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంటే ఆ అప్రూవల్ రద్దవుతుంది. దానితో మీ ఈఏడీకి ఆధారం పోతుంది. 180 రోజులు దాటాక వెనక్కి తీసుకున్నా, ఆ ఒక్క కారణంతో అది రద్దు కాదు. మీకు రెండు నెలలే అయ్యాయి. మరో నాలుగు నెలలు ఆయన ఆగగలిగితే ఇంటిల్లిపాదికీ మంచిది.

పాత కంపెనీ పని సంగతి. జీతం ఏ దేశంలో పడుతోందన్నది కాదు, పని చేసేటప్పుడు మీరు ఎక్కడున్నారన్నది ముఖ్యం. డాలస్‌లో కూర్చుని రోజూ హైదరాబాద్ కంపెనీ లెక్కలు చూడటాన్ని అనుమతి లేని పనిగా లెక్కకట్టే ప్రమాదం ఉంది. రేపు గ్రీన్‌కార్డు కోసం ఐ-485 వేసేటప్పుడు గత ఐదేళ్ల ఉద్యోగ చరిత్ర అడుగుతారు, ఇండియాలోవి కూడా రాయాలి. నాలుగు నెలల జీతం కోసం అక్కడ చిక్కులో పడొద్దు. వాళ్లను ఆగమని చెప్పండి. కార్డు వచ్చాక ఈ పని చేసుకోవచ్చు, పన్ను మాత్రం ఇక్కడ చూపించి కట్టాలి.

కార్డు వచ్చేలోపు మీ రంగానికి సరిగ్గా సరిపోయే పని ఒకటుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా ట్యాక్స్ రిటర్నులు వేసిపెట్టే వీటా అనే కార్యక్రమాన్ని అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ నడిపిస్తుంది. లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో ట్యాక్స్ సీజన్‌లో ఇది జరుగుతుంది. వలంటీర్లకు ఐఆర్ఎస్ శిక్షణ ఉచితం, చివర్లో పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇది మామూలుగానే జీతం లేని పని కాబట్టి హెచ్-4 మీద చేయడానికి ఇబ్బంది ఉండదు. మామూలుగా జీతమిచ్చే పనిని ఓ ప్రైవేటు కంపెనీ ఊరికే చేయించుకుంటే మాత్రం దాన్ని వలంటీరింగ్ అనరు, దానికి ఒప్పుకోకండి.

ఇదే సమయంలో ఎన్‌రోల్డ్ ఏజెంట్ అనే పన్ను నిపుణుల లైసెన్సు పరీక్షకు చదవడం మొదలుపెట్టండి. వ్యక్తుల పన్ను, వ్యాపారాల పన్ను, ఐఆర్ఎస్ ముందు క్లయింట్ల తరఫున నిలబడే పద్ధతి, ఇలా మూడు పేపర్లు. ఫలానా డిగ్రీ ఉండాలన్న షరతు లేదు, లైసెన్సు అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. మన సీఏ లాంటి సీపీఏకి అయితే కాలేజీ క్రెడిట్ల లెక్క, మీ చదువు మూల్యాంకనం, రాష్ట్ర బోర్డు నియమాలు, అనుభవం, ఇవన్నీ కావాలి. అది తర్వాత ఆలోచిద్దాం. సీఏ ఇంటర్ వరకు చదివిన మీకు ఎన్‌రోల్డ్ ఏజెంట్ అందుబాటులో ఉన్న మెట్టు.

మీరు వెతకాల్సిన ఉద్యోగాల పేర్లు అకౌంట్స్ పేయబుల్ స్పెషలిస్ట్, అకౌంట్స్ రిసీవబుల్, పేరోల్, బుక్‌కీపర్, స్టాఫ్ అకౌంటెంట్. వీటికి సీపీఏ తప్పనిసరి కాదు. అకౌంటింగ్ స్టాఫింగ్ ఏజెన్సీల ద్వారా కాంట్రాక్టు పనులు త్వరగా దొరుకుతాయి. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు చాలావరకు పౌరులకే, వాటిమీద సమయం పెట్టొద్దు.

రెజ్యూమెను మాత్రం పూర్తిగా తిరగరాయాలి. మీరు బహుశా "టాలీలో ఎంట్రీలు, జీఎస్‌టీ రిటర్నులు, టీడీఎస్" అని రాసి ఉంటారు. ఇక్కడి మేనేజర్‌కు ఆ మాటలు తెలియవు. అదే పనిని ఇలా చెప్పండి: నెలకు ఎన్ని ఇన్‌వాయిస్‌లు చూశారు, పర్చేజ్ ఆర్డర్, సరుకు రసీదు, ఇన్‌వాయిస్ మూడింటినీ సరిపోల్చడం చేశారా, బ్యాంక్ రీకన్సిలియేషన్ ఎన్ని ఖాతాలకు చేశారు, నెలాఖరు క్లోజింగ్ ఎన్ని రోజుల్లో ముగించేవారు. క్విక్‌బుక్స్ నేర్చుకుని చేర్చండి, చిన్న కంపెనీల్లో అదే ఎక్కువ. కాంట్రాక్టర్లకు ఇచ్చే 1099 ఫారం గురించి తెలుసుకోండి, ఇంటర్వ్యూలో అడుగుతారు.

కన్సల్టెన్సీ వాళ్లు నిజమైన శిక్షణ ఇచ్చి, మీ నిజమైన ఐదేళ్ల అనుభవంతోనే పంపిస్తామంటే ఆలోచించండి. అకౌంట్స్ తెలిసినవాళ్లకు ఫైనాన్స్ సాఫ్ట్‌వేర్‌లో బిజినెస్ అనలిస్ట్ పని నప్పుతుంది కూడా. లేని ఐటీ అనుభవం రాద్దామంటే ఆ గడప దిగి వచ్చేయండి. ఆ రెజ్యూమె, ఆ అనుభవపత్రం రేపు మీరే హెచ్-1బీకి వెళ్లినా, గ్రీన్‌కార్డుకి వెళ్లినా ఫైల్లోకి చేరతాయి. అబద్ధం బయటపడితే మీవారి కేసు కూడా టెన్షన్‌లో పడుతుంది.

దరఖాస్తుల్లో రెండు ప్రశ్నలు తప్పకుండా కనిపిస్తాయి. అమెరికాలో పనిచేసే హక్కు ఉందా అన్నదానికి, కార్డు చేతిలో ఉంటే "ఉంది" అనండి. ఇప్పుడు గానీ ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా అన్నది రెండోది. మీరు ఈఏడీ మీదే కొనసాగాలనుకుంటే కంపెనీ మీకోసం ఏ పిటిషనూ వేయక్కర్లేదు, "అక్కర్లేదు" అనొచ్చు. తర్వాత వాళ్ల చేతే హెచ్-1బీ వేయించుకోవాలని ఇప్పటికే మనసులో ఉంటే "కావాలి" అనడమే నిజం. మీవారి వీసా కథంతా ఇంటర్వ్యూలో చెప్పే పని లేదు. పనిచేసే హక్కును యజమాని సరిచూసుకునే ఐ-9 ఫారానికి చేరిన రోజు ఈఏడీ కార్డు ఒక్కటే చాలు. ఇంకో కాగితమే తెమ్మని పట్టుబట్టే హక్కు యజమానికి లేదు. కార్డు గడువు తేదీ ఐ-9లో నమోదవుతుంది, ఆ తేదీకి కొత్త కార్డు చూపించాలి. అందుకే ఆఫర్ వచ్చాక, రెన్యువల్ ఎప్పుడు వేస్తున్నారో, విరామం వస్తే జీతం లేని సెలవు ఇస్తారో హెచ్ఆర్‌తో ముందే మాట్లాడి, వాళ్ల జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి.