7x ≡ 3 (mod 11): శేషాల లెక్కలో భాగహారం ఎలా?

ప్రశ్న: 7x ≡ 3 (mod 11) అని, అంటే 7xను 11తో భాగిస్తే శేషం 3 రావాలని ఇచ్చారు. మామూలు సమీకరణంలా చేస్తే x = 3/7 వస్తోంది, అది పూర్ణాంకం కాదు. ఒక్కొక్క సంఖ్యనూ వేసి చూడడం తప్ప వేరే దారి లేదా?

జవాబు: ఉంది. 7ను ఏ సంఖ్యతో గుణిస్తే 11తో భాగించినప్పుడు శేషం 1 వస్తుందో కనుక్కోండి. దాన్నే 7కు గుణకార విలోమం అంటారు. రెండు వైపులా దానితో గుణిస్తే ఎడమవైపు x ఒక్కటే మిగులుతుంది.

బెంగళూరులో మా అపార్ట్‌మెంటులోని తెలుగు పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతుంటాను. వాళ్లు ఈ లెక్కను చూడగానే 3కు 11 కలిపి 14 చేసి, x = 2 అనేస్తారు. అది సరైన పద్ధతే, ఎందుకంటే 11 కలిపితే శేషం మారదు. కానీ 11 స్థానంలో 1009 ఉంటే ఎన్నిసార్లు కలపాలో ముందుగా తెలియదు. అందుకే చిన్న లెక్కలోనైనా భాగహారం దారినే చేయిస్తాను:

11 = 7 + 4
7 = 4 + 3
4 = 3 + 1

ఇప్పుడు కిందినుంచి పైకి రావాలి. 1 = 4 − 3. ఇందులో 3 బదులు 7 − 4 రాస్తే 1 = 2·4 − 7. ఆ 4 బదులు 11 − 7 రాస్తే 1 = 2·11 − 3·7. 11 గుణిజాన్ని వదిలేస్తే 7·(−3) ≡ 1. అంటే విలోమం −3, లేదా దానికి 11 కలిపితే 8. కాబట్టి x ≡ 3·8 = 24 ≡ 2. సరిచూస్తే 7·2 = 14, శేషం 3. 2, 13, 24 ఇలా 11 చొప్పున పెరిగేవన్నీ సాధనలే. 7x − 11y = 3 అని రాస్తే ఇది ఆర్యభటుడు 499లో ఆర్యభటీయంలో చెప్పిన కుట్టకం తరహా లెక్కే.

పిల్లలు ఎక్కువగా తడబడేది చివరి వరుసలోని గుర్తు దగ్గర. −3 బదులు 3 తీసుకుంటే x = 9 వస్తుంది. 7·9 = 63, దాని శేషం 8. రావలసిన 3కు బదులు 11 − 3 వచ్చిందంటే తప్పు గుర్తులోనే ఉందని అనుమానించవచ్చు. అప్పుడు లెక్కంతా మళ్లీ చేయనక్కర లేదు, x గుర్తు మార్చి చూస్తే చాలు: −9 అంటే 2.

ఈ విలోమం 7, 11ల గ.సా.భా. 1 కాబట్టే దొరికింది. 6x ≡ 3 (mod 9) తీసుకోండి. 6, 9ల గ.సా.భా. 3. అది కుడివైపు 3ను భాగిస్తుంది కనుక సాధన ఉంది. అయితే 3తో కొట్టివేసేటప్పుడు 9ని కూడా కొట్టివేయాలి: 2x ≡ 1 (mod 3), x ≡ 2 (mod 3). 9 పరంగా చూస్తే 2, 5, 8 మూడూ సాధనలే. 9ని అలాగే ఉంచి 2x ≡ 1 (mod 9) అని రాస్తే 5 ఒక్కటే దొరుకుతుంది, మిగతా రెండూ పోతాయి. కుడివైపు 3 బదులు 4 ఉంటే అసలు సాధనే ఉండదు, ఎందుకంటే 6x నుంచి 9 గుణిజాన్ని ఎంత తీసేసినా మిగిలేది 3 గుణిజమే.