ఏబీసీ బాగానే వచ్చు, అయినా తప్పు పేషెంట్ దగ్గరికే ఎందుకు వెళ్తున్నాం?

ప్రశ్న: ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్‌కి చదువుతున్నాను. మందుల ప్రశ్నలు, డోసు లెక్కలు బాగానే వస్తున్నాయి. నలుగురు పేషెంట్ల వివరాలిచ్చి ముందు ఎవరిని చూస్తారు అని అడిగితే మాత్రం తప్పుతున్నాను. ఏబీసీ, అంటే ఎయిర్‌వే, బ్రీతింగ్, సర్క్యులేషన్ వరస ప్రకారం ఊపిరి సమస్య ఉన్నవాళ్లనే ఎంచుకుంటున్నా, జవాబు వేరే ఉంటోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

సమాధానం: మీకు ఏబీసీ తెలియక కాదు, దాన్ని జబ్బు పేరు చూసి వాడుతున్నందువల్ల తప్పుతోంది. సీఓపీడీ అన్న మాట కనబడగానే బ్రీతింగ్ అనుకుంటాం, ఫ్రాక్చర్ అనగానే ఇది ఆఖరున చూడొచ్చు అనుకుంటాం. ప్రశ్న రాసేవాళ్లకి ఈ అలవాటు బాగా తెలుసు. అందుకే ఊపిరితిత్తుల జబ్బున్న పేషెంట్‌ని స్థిరంగా ఉంచి, ఊపిరితో సంబంధం లేనట్టు కనిపించే పేషెంట్‌కి ఎయిర్‌వే ప్రమాదం పెడతారు. అక్షరాల దగ్గరికి వెళ్లేముందు ఒక్కొక్క పేషెంట్ గురించి ఒకే ఒక్క మాట అడగండి. ఈ జబ్బులో, ఈ సర్జరీ అయిన ఇన్ని గంటలకి, ఇలా ఉండటం మామూలేనా? మామూలే అయితే ఆ పేషెంట్ ప్రస్తుతానికి పక్కకి వెళ్తారు. మిగిలినవాళ్ల మధ్యే ఏబీసీ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. షిఫ్ట్ మొదట్లో మీకు నలుగురు పేషెంట్లని అప్పగించారు. మొదటివారు 68 ఏళ్ల సీఓపీడీ పేషెంట్. నేసల్ కాన్యులాతో నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్, సాచురేషన్ 90 శాతం, శ్వాస నిమిషానికి 22, ఛాతీలో పిల్లికూతలు. రెండోవారికి థైరాయిడ్ తీసేసి 6 గంటలైంది, సాచురేషన్ 95 శాతం. మెడ దగ్గర డ్రెస్సింగ్ బిగుతుగా ఉందంటున్నారు, గాలి లోపలికి పీల్చినప్పుడు సన్నగా, గట్టిగా ఒక శబ్దం వస్తోంది. మూడోవారు తుంటి సర్జరీ అయిన రెండో రోజు పేషెంట్, ఒక పిక్క వాచి నొప్పిగా ఉంది. నాలుగోవారికి నల్లటి విరేచనాలు, బీపీ 92/58, పల్స్ 118.

చాలామంది మొదటివారిని ఎంచుకుంటారు. 90 అన్న అంకె, పిల్లికూతలు, సీఓపీడీ అన్న పేరు, మూడూ కలిసి లాగుతాయి. కానీ సీఓపీడీలో సాచురేషన్ సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచడమే లక్ష్యం. శ్వాస 22 కొంచెం ఎక్కువే అయినా, పిల్లికూతలతో కలిపి చూస్తే ఈ జబ్బులో రోజూ కనిపించేదే. ఇందులో ఈ పూట కొత్తగా వచ్చిందేమీ లేదు. కాబట్టి ఆయన ఆఖరు. 90ని 98 చేద్దామని ఆక్సిజన్ పెంచేస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోయే ప్రమాదం ఉంటుంది. అలాగని సీఓపీడీ వాళ్లకి ఆక్సిజన్ ఇవ్వకూడదనీ కాదు. సాచురేషన్ 82కి పడి పెదాలు నీలంగా మారుతుంటే తప్పకుండా ఇవ్వాలి. ఈ రెండు వైపులా పరీక్షలో అడుగుతారు.

ముందు వెళ్లాల్సింది థైరాయిడ్ సర్జరీ అయినవారి దగ్గరికి. పీల్చేటప్పుడు వచ్చే ఆ శబ్దమే స్ట్రైడర్. గొంతు దగ్గర గాలి దారి ఇరుకైపోయిందని దాని అర్థం. ఈ సర్జరీ తర్వాత లోపల రక్తం కారితే మెడలో పోగై గాలిగొట్టాన్ని నొక్కేస్తుంది. ఇలాంటి రక్తస్రావం ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. డ్రెస్సింగ్ బిగుసుకుపోయిందని పేషెంట్ చెప్పడానికి కారణం కట్టు కాదు, కట్టు కింద పెరుగుతున్న వాపు. పైన డ్రెస్సింగ్ పొడిగానే కనిపించవచ్చు, ఎందుకంటే పడుకున్నవారికి రక్తం మెడ వెనక్కి జారుతుంది. అందుకే మెడ వెనక చెయ్యిపెట్టి చూడటం నేర్పుతారు.

ఇక్కడ ఎక్కువమందిని మోసం చేసేది ఆ 95 శాతం. పక్కన 90 ఉన్న పేషెంట్ కనిపిస్తుంటే 95 ఉన్నవారు బాగున్నట్టే అనిపిస్తుంది. కానీ గాలి దారి ఇరుకవుతున్నప్పుడు పేషెంట్ బలంగా పీలుస్తూ చాలాసేపు సాచురేషన్‌ని నిలబెట్టుకోగలరు. అంకె పడిపోయేసరికి చేతిలో మిగిలేది చాలా తక్కువ సమయం. ఎయిర్‌వే ప్రశ్నల్లో మానిటర్ అంకెకన్నా శబ్దానికి, గొంతుకి, పేషెంట్ చెప్పే మాటకి ఎక్కువ విలువ ఇవ్వండి.

తర్వాత ఎవరు? నల్లటి విరేచనాలవారు. తగ్గిన బీపీ, పెరిగిన పల్స్ కలిసి కనిపిస్తే రక్తం పోవడం ఇప్పుడే శరీరం మీద పనిచేస్తోందని తెలుస్తుంది. పిక్క వాపు కూడా సర్క్యులేషనే, కొత్తదే. రక్తం గడ్డ అక్కడినుంచి కదిలి ఊపిరితిత్తులకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. అయితే అది ఇంకా జరగలేదు. జరుగుతున్న ప్రమాదం ముందు, జరగబోయే ప్రమాదం తర్వాత. ఆ పేషెంట్‌ని మంచం దిగనివ్వకుండా, పిక్క మర్దనా చెయ్యనివ్వకుండా చూసుకుని డాక్టర్‌కి తెలియజేయాలి. ఆ తర్వాత సీఓపీడీ పేషెంట్.

ఇప్పుడు ఇదే ప్రశ్నలో ఒక్కో వాక్యం మార్చి చూడండి. సాధన చెయ్యడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు, వంద కొత్త ప్రశ్నలు చెయ్యడంకన్నా ఇది ఎక్కువ నేర్పుతుంది. థైరాయిడ్ పేషెంట్‌కి శబ్దం, బిగుతు తీసేసి గొంతు కొంచెం బొంగురుగా ఉందని మాత్రమే రాయండి. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో ట్యూబ్ వేస్తారు కాబట్టి కొంచెం బొంగురు మామూలే. అప్పుడు జవాబు నల్లటి విరేచనాలవారికి మారిపోతుంది. సీఓపీడీ పేషెంట్‌ని లేపితే లేవడం లేదు, మత్తుగా ఉన్నారు అని రాయండి. సాచురేషన్ అదే 90 ఉన్నా ఇప్పుడది కార్బన్ డయాక్సైడ్ పేరుకున్న లక్షణం, నిజమైన బ్రీతింగ్ సమస్య. పిక్క వాచినవారికి ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి అని చేర్చండి. గడ్డ ఊపిరితిత్తులకి చేరి ఉండొచ్చు, మూడో స్థానంలో ఉన్నవారు పైకి వచ్చేస్తారు.

థైరాయిడ్ పేషెంట్ గురించి ఇంకో రకం ప్రశ్న కూడా వస్తుంది. ఎవరిని చూస్తారు అని కాకుండా, వెళ్లాక ముందు ఏం చేస్తారు అని. ఇక్కడ మనవాళ్లు తరచుగా డాక్టర్‌కి ఫోన్ చేస్తాను అన్న ఆప్షన్ పెడతారు. మంచం పక్కన మీరు చెయ్యగలిగిన పని ఆప్షన్లలో ఉన్నప్పుడు ఫోన్ ముందు రాదు. తల వైపు ఎత్తండి, ఆక్సిజన్ పెట్టండి, అక్కడినుంచే ఎమర్జెన్సీ టీమ్‌ని పిలిపించండి, పేషెంట్‌ని వదిలి బయటికి వెళ్లకండి. ఈ సర్జరీ అయినవారి మంచం దగ్గర ట్రకియాస్టమీ సెట్, సక్షన్, ఆక్సిజన్ ముందే సిద్ధంగా ఉంచేది ఇందుకే. కాల్షియం గ్లూకోనేట్ కూడా ఉంచుతారు, కానీ దాని కారణం వేరు. పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే కాల్షియం పడిపోయి పెదాల చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు వస్తాయి. అది సాధారణంగా మొదటి రోజు దాటాక కనిపిస్తుంది. ఆ తిమ్మిర్లని చిన్న ఫిర్యాదుగా తీసెయ్యకండి, ముదిరితే గొంతు కండరాలు బిగుసుకుని మళ్లీ ఎయిర్‌వే సమస్యే అవుతుంది.

ఉబ్బసంలో ఇలాంటి మోసమే ఇంకొకటి ఉంది. గంటక్రితం పిల్లికూతలు గట్టిగా ఉన్నాయి, ఇప్పుడు వినబడటం లేదు, పేషెంట్ అలసిపోయి ఉన్నారు అని ఇస్తారు. తగ్గిందనుకుంటే ప్రశ్న పోయినట్టే. పిల్లికూత రావాలన్నా గాలి కదలాలి. శబ్దం ఆగిపోయి పేషెంట్ నీరసించిపోతే గాలి కదలడమే ఆగిపోతోందని అర్థం. నిజంగా తగ్గినవారు తేలిగ్గా పూర్తి వాక్యాలు మాట్లాడతారు.

ఏబీసీ వరసే మారిపోయే సందర్భాలు కొన్ని ఉన్నాయి. పేషెంట్ పలకడం లేదు, పల్స్ లేదు అంటే ముందు ఛాతీ నొక్కడమే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో సీపీఆర్ వరసని సీ, ఏ, బీగా మార్చింది. చెయ్యో కాలో తెగి రక్తం చిమ్ముతుంటే కూడా ముందు దాన్ని గట్టిగా నొక్కి ఆపాలి. ప్రశ్నలో డిజాస్టర్, మాస్ క్యాజువాల్టీ అన్న మాటలుంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. స్టార్ట్ ట్రయాజ్ పద్ధతిలో, గాలి దారి తెరిచినా ఊపిరి తీసుకోనివారికి నల్ల ట్యాగ్ వేసి ముందుకు వెళ్తారు. శ్వాస 30 దాటినవారు, మణికట్టు దగ్గర పల్స్ అందనివారు, చెప్పిన చిన్న పని చెయ్యలేనివారు ఎర్ర ట్యాగ్‌లోకి వస్తారు. వార్డులో అందరికన్నా ముందు చూసే పేషెంట్‌ని అక్కడ దాటి వెళ్లాల్సి రావడం మనసుకి కష్టంగానే ఉంటుంది. అయినా ఆ ప్రశ్నకి జవాబు అదే.

ఇంగ్లిష్ మాటల దగ్గర కూడా కొంత పోతుంది. వీజ్ గాలి వదిలేటప్పుడు ఎక్కువగా వినబడే పిల్లికూత, స్ట్రైడర్ పీల్చేటప్పుడు గొంతు దగ్గర వచ్చే శబ్దం, గర్గ్లింగ్ గొంతులో ద్రవం ఉందని చెప్పే గరగర. ఈ మూడింటినీ చదివి వదిలెయ్యకుండా విని గుర్తుపట్టడం నేర్చుకోండి. డ్రూలింగ్ అంటే మింగలేక లాలాజలం కారిపోవడం. జ్వరం ఉన్న పిల్లలు ముందుకి వంగి కూర్చుని డ్రూలింగ్ చేస్తున్నారంటే ఎయిర్‌వే అనుకోండి, నోట్లో కర్రపుల్ల పెట్టి గొంతు చూసే ఆప్షన్‌ని కొట్టేయండి. రెస్ట్‌లెస్ అన్న మాటని చిరాకుగా ఉన్నారని అనువదించుకుని దాటిపోతుంటారు. ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు మొదట కనిపించే గుర్తుల్లో అదొకటి. నౌ, న్యూ, సడెన్ అన్న చిన్న మాటలు కనిపిస్తే అక్కడ ఆగండి, ఆ పేషెంట్ పరిస్థితి మామూలుది కాదని ప్రశ్న మీకు చెబుతున్నది ఆ మాటలతోనే.

పరీక్షలో ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు, 5 గంటలు, అంటే సగటున ఒక్కోదానికి 2 నిమిషాలు. దాటిన ప్రశ్నకి వెనక్కి వెళ్లే వీలు లేదు. అందుకని నలుగురినీ ఒకేసారి పోల్చకండి. ఒక్కొక్కరిని చదవగానే మామూలా కాదా అని తేల్చి, మామూలు కానివాళ్లని మాత్రం గుర్తుపెట్టుకోండి. చాలాసార్లు ఇద్దరే మిగులుతారు, ఆ ఇద్దరి మధ్య అక్షరం చూడటానికి పది సెకన్లు చాలు.