ముఖం దగ్గరైతే ఇల్లు ఎటు పోవాలి?

ప్రశ్న: పర్లాకిమిడిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మూడేళ్లుగా మా బాబాయి స్టూడియో తరఫున పెళ్లిళ్లకు వీడియో తీస్తున్నాను. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ చదవాలని ఉంది. నేను తీసిన లఘుచిత్రం చూసినవాళ్లు ‘కెమెరా కదులుతూనే ఉంది, ఏమీ అనిపించలేదు’ అంటున్నారు. లోపం ఎక్కడుంది సార్?

జవాబు: మీరు పంపిన ఏడు నిమిషాలూ చూశాను. సూరత్ నుంచి కొడుకు ఫోన్ చేసి పండుగకు రాలేనంటాడు, అమ్మ ‘సరే’ అని ఫోన్ పెట్టేస్తుంది. అక్కడ మీరు జూమ్ చేశారు. తాళి కట్టే వేళ జనంలో అడుగు వేసే చోటుండదు కనుక పెళ్లిలో జూమే దిక్కు. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చినట్టుంది.

అమ్మ కెమెరాకు 3 మీటర్ల దూరంలో ఉందనుకుందాం, ఆమె వెనుక పెరటి తలుపు మరో 6 మీటర్లు. జూమ్‌తో ముఖం రెట్టింపైతే తలుపూ రెట్టింపవుతుంది. ఫొటోను పెద్దది చేసినట్టే. లెన్సు మార్చకుండా కెమెరానే మీటరున్నర ముందుకు తీసుకెళ్లండి. ముఖం రెట్టింపవుతుంది, తలుపు మాత్రం 9 మీటర్ల నుంచి ఏడున్నరకు వచ్చింది కాబట్టి అయిదో వంతే పెరుగుతుంది. ఇల్లు ఉన్నచోటే ఉండి, అమ్మ ఒక్కతే మన దగ్గరికి వస్తుంది. పుష్-ఇన్ బలమంతా ఆ తేడాలోనే ఉంది.

ఒకే వేగంతో నడిస్తే మాత్రం చివర్లో మీద పడ్డట్టుంటుంది. మొదటి 75 సెంటీమీటర్లలో ముఖం మూడో వంతు పెరిగితే, తర్వాతి 75లో సగం పెరుగుతుంది. అందుకే చివర్లో నెమ్మదించాలి. ఫోకస్ కూడా కంటి నుంచి చెవికి జారిపోతుంది. నేల మీద ముగ్గుపిండితో గుర్తులు పెట్టుకుని, ఫోకస్ రింగు మీద టేపు అంటించి నాలుగుసార్లు అభ్యాసం చేయండి.

ఎప్పుడు కదలాలన్నది ఇంకా ముఖ్యం. కొడుకు మాట వినిపించకముందే కదిలితే చెడు కబురు వస్తోందని ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది. ‘సరే’ తర్వాత కదిలితే ఆమె దిగమింగుకున్నది మనకు కనిపిస్తుంది. నేనైతే రెండోదే ఎంచుకుంటాను.

పుల్-అవుట్‌లో వెనక్కి వెళ్లేకొద్దీ ఫ్రేములోకి కొత్తది రావాలి, కొడుకు ఖాళీ మంచం లాంటిది. మీ చిత్రంలో గోడ మాత్రమే వచ్చింది. స్టేషన్ దారిలో కుర్రాడి వెంట వెళ్లిన ట్రాకింగ్ షాట్ బాగుంది. అతని వేగంతోనే కెమెరా నడిచింది కాబట్టి మనమూ అతనితో నడిచాం. నాలుగు విప్ పాన్లలో మూడు తీసేయండి. ఎవరో పిలిస్తే పాత్ర తల తిరిగాక కెమెరా గిర్రున తిరిగినది ఒక్కటే నిలుస్తుంది. మిగతావాటిలో ఎటు చూడాలో తెలియక కన్ను వెతుక్కుంటుంది.

పుణెలో ఆ కోర్సుకు ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉంటే చాలు. దరఖాస్తుకు ముందు అమ్మ షాట్‌ను జూమ్‌తో ఒకసారి, పుష్-ఇన్‌తో ఒకసారి, కెమెరా కదపకుండా ఒకసారి తీసి పంపండి. కదపనిదే బాగుంటే అదే ఉంచుదాం.