ఆరెంజ్‌గా మారిన ఫౌండేషన్: కస్టమర్‌కు రాసే జవాబు

"మాది చిన్న కాస్మెటిక్స్ బ్రాండ్. ఫౌండేషన్ వేసుకున్న గంటకే ముఖం ఆరెంజ్‌గా అయిపోతోందని ఒక కస్టమర్ కోపంగా రాశారు. ఆవిడకి ఏమని జవాబు ఇవ్వాలి?"

ఒక కంపెనీలో ఇలాంటి ఉత్తరాలకు జవాబులు రాసే పని నాది. "మీది జిడ్డు చర్మం కాబట్టి అలా అవుతుంది" అని మాత్రం మొదలుపెట్టకండి. అందులో కొంత నిజం ఉన్నా, తప్పు తనదే అన్నట్టు వినిపిస్తుంది.

కారణం మీకు తెలిస్తేనే జవాబు బాగా వస్తుంది. ఫౌండేషన్‌లో రంగునిచ్చేవి ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు, తెల్లటి టైటానియం డయాక్సైడ్. ఐరన్ ఆక్సైడ్లు స్థిరమైనవి, గంటలో గాలికి పాడైపోవు. సాధారణంగా జరిగేది వేరు. రాసుకున్నాక నీరు, ఆవిరయ్యే సిలికోన్లు ఎగిరిపోతాయి. చర్మపు నూనె, కింద రాసుకున్న క్రీముల నూనె మిగిలిన పొరలో కలుస్తాయి. నూనె తగిలితే కాగితం మీది మరక ముదురుగా కనిపించినట్టే, తెల్లదనం తగ్గి ఎరుపు, పసుపు పైకి తేలతాయి.

ఒక కస్టమర్‌కు నేను రాసినది దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. బయటికి వెళ్ళాక రంగు మారితే ఎంత ఇబ్బందో అర్థమైంది, క్షమించండి. మీ డబ్బు తిరిగి పంపిస్తున్నాం, దీనికి కింది వివరాలతో సంబంధం లేదు. దురద, మంట, ఎర్రదనం ఏమైనా ఉంటే వాడటం ఆపి వెంటనే చెప్పండి. వీలుంటే సీసా బాగా కుదిపి, ఒక చుక్క తెల్ల కాగితం మీద, ఒకటి ఏమీ రాయని దవడ మీద, ఒకటి మీరు రోజూ రాసే సన్‌స్క్రీన్ మీద పూయండి. గంటయ్యాక ఒక్కోదాని పక్కన కొత్త చుక్క పెట్టి, పగటి వెలుగులో ఫొటో తీయండి. సీసా మీది బ్యాచ్ నంబరు, తెరిచిన నెల కూడా రాయండి."

ఆవిడ పంపిన ఫొటోల్లో కాగితం మీద, ఒట్టి దవడ మీద తేడా దాదాపు లేదు. సన్‌స్క్రీన్ ఉన్నచోట మాత్రం స్పష్టంగా ఆరెంజ్. అప్పుడు రెండో ఉత్తరంలో, సన్‌స్క్రీన్ తగ్గించకుండా, అది ఆరడానికి పదిహేను నిమిషాలు ఆగి, ఫౌండేషన్ పల్చగా వేసి చూడమన్నాను. అప్పటికీ మారితే ఆ రెండూ కలిసి పనిచేయవని ఒప్పుకుని, వేరే ఫార్ములా సూచించాలి.

కాగితం మీద కూడా మారితే సమస్య మీ ఫౌండేషన్‌లోనే ఉంది. అదే బ్యాచ్ నుంచి దాచిన శాంపిల్‌ను పక్కన పూసి చూడండి. శాంపిల్ కూడా అలాగే మారితే, ఆరాక వచ్చే రంగే దాని అసలు షేడ్. షేడ్ కార్డు తడి రంగు చూసి చేసి ఉంటారు, దాన్ని మార్చాలి. శాంపిల్ బాగుండి సీసాలోది మాత్రమే మారితే, వేడికి పాడైందా, పిగ్మెంట్ విడిపోయిందా అని వాసన, అడుగున పేరుకున్నది చూడండి. ఏది తేలినా ఆవిడకి ఉన్నదున్నట్టు రాయండి.