అలిపిరి మెట్ల ట్రాక్: ఎక్కిన ఎత్తు, వేగం, ఆగిన సమయం

ప్రశ్న: అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్తూ ఫోనులో ట్రాక్ రికార్డు చేశాను. ఆ జీపీఎక్స్ ఫైలును ఒక యాప్‌లో తెరిస్తే ఎక్కిన ఎత్తు 1,140 మీటర్లు, ఆగిన సమయం 22 నిమిషాలు. మరో యాప్‌లో 730 మీటర్లు, గంటా 5 నిమిషాలు. గరిష్ఠ వేగం గంటకు 32 కిలోమీటర్లట! ఏది నమ్మాలి?

జవాబు: అదే దారిలో మూడుసార్లు రికార్డు చేసి, మూడుసార్లూ ఇలాగే తల పట్టుకున్నాను. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాకే సంగతి అర్థమైంది. నా ట్రాక్‌లో రెండు బిందువులు ఇవి:

```
<trkpt lat="13.65510" lon="79.39870">
  <ele>402</ele><time>2023-12-10T00:47:10Z</time></trkpt>
<trkpt lat="13.65526" lon="79.39870">
  <ele>403</ele><time>2023-12-10T00:47:12Z</time></trkpt>
```

ఉన్నవి చోటు, ఎత్తు, సమయం, అంతే. వేగం, ఆగిన సమయం ఇందులో లేవు. వాటిని యాప్ తన పద్ధతిలో లెక్కకడుతుంది. చివరి Z అంటే గ్రీనిచ్ సమయం, మన గడియారానికి 5:30 కలపాలి. అంటే అప్పుడు ఉదయం 6:17.

అక్షాంశంలో తేడా 0.00016 డిగ్రీలు, అంటే దాదాపు 18 మీటర్లు. రెండు సెకన్లలో 18 మీటర్లంటే గంటకు 32 కిలోమీటర్లు! నేనేమీ పరుగెత్తలేదు. ఆ దారిలో చాలా మేర నెత్తిన పైకప్పు ఉంటుంది, పక్కన కొండ. ఉపగ్రహాల సంకేతం సరిగా అందక చోటు ఒక్కసారిగా అటు దూకింది. కాబట్టి గరిష్ఠ వేగాన్ని పట్టించుకోవద్దు. ఒక్క చెడ్డ బిందువు చాలు దాన్ని పాడుచేయడానికి.

ఎక్కిన ఎత్తు పెరిగిపోవడానికీ ఇలాంటి కారణమే. మూడు గంటల నడకలో ఐదు సెకన్లకొక బిందువు చొప్పున 2,160 బిందువులు. నిలబడి ఉన్నా ఎత్తు అంకె అర మీటరో, మీటరో ఊగుతుంది. యాప్ తగ్గినవి వదిలేసి పెరిగినవన్నీ కూడుకుంటూ పోతే, సగం బిందువుల్లో అర మీటరు చొప్పున వేసుకున్నా 500 మీటర్లు ఊరికే వచ్చి చేరతాయి. ఐదు పది మీటర్లు పెరిగితేనే లెక్కలోకి తీసుకునే యాప్‌లో ఈ దొంగ మీటర్లు చాలావరకు రాలిపోతాయి. మెట్లతో సరిచూసుకోవచ్చు: 3,550 మెట్లు, ఒక్కోటి సుమారు 15 సెంటీమీటర్లు అనుకుంటే 530 మీటర్లు. మధ్యలో వాలు దారి ఎక్కినది కూడా కలిపితే 730 నమ్మదగినదే. 1,140కి మాత్రం ఆస్కారం లేదు. మొదటి, చివరి ఎత్తుల తేడా కూడా చూడండి. కొన్ని ఫోన్లు సముద్ర మట్టానికి సవరించని ఎత్తును రాస్తాయి. తిరుపతి ప్రాంతంలో అది 80 మీటర్లకు పైగా తక్కువగా కనిపిస్తుంది. ఎత్తు గ్రాఫ్ మొత్తం ఒకేలా కిందికి జరుగుతుంది కనుక తేడాకు నష్టం లేదు.

ఇక ఆగిన సమయం. గ్రాఫ్‌లో అడ్డ గీతను దూరం నుంచి సమయానికి మార్చండి, సగం గొడవ తీరుతుంది. దూరం మీద గీసిన గ్రాఫ్‌లో మీరు ఆగిన చోటు ఒక చుక్కగా కుంచించుకుపోతుంది. ఆ కాసేపట్లో ఎత్తు అంకె జారితే అక్కడ లేని నిట్టనిలువు గోడ కనిపిస్తుంది. సమయం మీద గీస్తే ఆగినది బల్లపరుపు గీతగా తేలుతుంది. గాలిగోపురం దగ్గర నేను 25 నిమిషాలు కూర్చున్నాను. మ్యాపులో అక్కడ చిక్కుపడ్డ దారపు ఉండ! కూర్చున్న చోటే 300 మీటర్లు నడిచినట్టు యాప్ రాసుకుంది, ఆ సమయంలో సగాన్ని నడకలో వేసింది. మీ 22 నిమిషాలు ఇలా వచ్చినవే అయ్యుంటాయి.

అయితే బల్లపరుపు గీత ప్రతిసారీ ఆగినట్టు కాదు. గాలిగోపురం దాటాక చాలా దూరం దారి దాదాపు చదునే. అక్కడ మ్యాపు కూడా చూడాలి: గీత ముందుకు సాగితే నడక, ఉండ చుట్టుకుంటే విశ్రాంతి.

దీనికి తలకిందులైన తప్పు మా అమ్మ ట్రాక్‌లో జరిగింది. ఆమె మెట్లపూజ చేస్తూ, ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కింది. నాలుగు సెకన్లకొక మెట్టు, 30 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే వేగం గంటకు 0.3 కిలోమీటరైనా లేదు. గంటకు ఒక కిలోమీటరు కన్నా తక్కువైతే ఆగినట్టే అనే నియమం ఆ యాప్‌ది. అందుకని ఏడు గంటల్లో ఐదు గంటలకు పైగా ఆమె ఆగే ఉందని చెప్పింది! సమయం మీద గీసిన గ్రాఫ్‌లో మాత్రం గీత మెల్లగా, ఎడతెగకుండా పైకి పోతోంది. నిజంగా బల్లపరుపుగా ఉండి, మ్యాపులో ఉండ చుట్టుకున్న చోట్లు నాలుగే; కలిపితే గంటంబావు.

మీ గంటా 5 నిమిషాల్లోనూ మోకాళ్ల మెట్టు దగ్గర నెమ్మదిగా ఎక్కిన సమయం కొంత కలిసి ఉండవచ్చు. ఆ ముక్కలో ఎత్తు పెరుగుతూ ఉంటే దాన్ని నడకలోకి మార్చుకోండి. ఆటోపాజ్ పెట్టి ఉంటే ఇంకొకటి చూడండి: ఆగినప్పుడు ఫైలులో బిందువులే ఉండవు, పక్కపక్క రెండు బిందువుల సమయాల మధ్య పదీ ఇరవై నిమిషాల ఖాళీ ఉంటుంది. కొన్ని యాప్‌లు ఆ ఖాళీని మొత్తం సమయంలో కూడా కలపవు.