‘సుఖదుఃఖాలు’ ఎందుకు ఆక్సిమోరాన్ కాదు?

ప్రశ్న: నేను బీఏ సాహిత్యం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆక్సిమోరాన్ అంటే ‘పరస్పర విరుద్ధ పదాల కలయిక’ అని నోట్సులో ఉంది. అంతకు మించి అర్థం కావడం లేదు. రోజూ వాడే మాటల్లోంచి ఉదాహరణలు చెబుతారా? మన విరోధాభాసం, ఇదీ ఒకటేనా?

జవాబు:

మీ నోట్సులోని నిర్వచనం తప్పు కాదు గాని, సగమే. విరుద్ధమైన మాటలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఆక్సిమోరాన్ కాదు. వాటిలో ఒకటి రెండోదాన్ని విశేషించాలి, రెండూ కలిసి ఒకే సంగతిని చెప్పాలి. నేను చాలా ఏళ్లుగా డిగ్రీ విద్యార్థులకు సాహిత్యం బోధిస్తున్నాను. ఈ ప్రశ్నకు జవాబుపత్రాల్లో తరచుగా కనిపించే ఉదాహరణలు ‘సుఖదుఃఖాలు’, ‘రాత్రింబవళ్లు’, ‘చేదు నిజం’. మూడూ ఆక్సిమోరాన్లు కావు. అవి ఎందుకు కావో తెలిస్తే ఏది అవుతుందో తేలిగ్గా పట్టుబడుతుంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

‘సుఖదుఃఖాలు’ ద్వంద్వ సమాసం. సుఖమూ, దుఃఖమూ అని విగ్రహవాక్యం చెబుతాం. అక్కడ ఉన్నవి రెండు, దేని చోటు దానిది. సుఖం ఒకనాడు, దుఃఖం మరొకనాడు రావచ్చు. వాటి మధ్య తగాదా ఏమీ లేదు. ‘రాత్రింబవళ్లు’ కూడా అంతే. ఇప్పుడు ‘తీపి దుఃఖం’ అనే మాట చూడండి. దీని విగ్రహవాక్యం తియ్యనైన దుఃఖం, అంటే కర్మధారయం. ఇక్కడ ఉన్న అనుభవం ఒక్కటే. ఆ ఒక్క అనుభవానికే తీపినీ, దుఃఖాన్నీ అంటగట్టాం. తగాదా మొదలయ్యేది అప్పుడే. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు విగ్రహవాక్యం చెప్పి చూడండి. మధ్యలో ‘మరియు’ అర్థం వస్తే అది ఆక్సిమోరాన్ కాదు. సమాసాల పాఠం పరీక్ష తరువాత దేనికీ పనికిరాదని అనుకునేవారికి ఇదొక చిన్న జవాబు.

‘చేదు నిజం’ సంగతి వేరు. అది కర్మధారయమే గాని, చేదుకూ నిజానికీ వైరం లేదు. చేదుకు విరుద్ధం తీపి, నిజానికి విరుద్ధం అబద్ధం. వినడానికి కష్టంగా ఉన్న నిజాన్ని రుచితో పోల్చి చెప్పాం, అది రూపకం. ‘తియ్యని అబద్ధం’ కూడా అలాంటిదే. ‘నిజమైన అబద్ధం’ అన్నామనుకోండి, అప్పుడు కథ మారుతుంది.

పేరు గురించి ఒక్క మాట. గ్రీకులో ‘ఆక్సిస్’ అంటే పదునైనది, ‘మోరోస్’ అంటే మొద్దు, మూర్ఖం. ‘పదునైన మొద్దు’ అన్నమాట. పైకి తెలివితక్కువగా వినిపిస్తూ లోపల పదును దాచుకున్న మాట అని అర్థం చేసుకోవచ్చు. పేరే తనకు తాను ఉదాహరణ కావడం అలంకారాల్లో అరుదు.

ఇప్పుడు నిత్యం వాడే మాటల్లోకి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ‘బహిరంగ రహస్యం’. వార్తల్లో ఎంతగా అరిగిపోయిందంటే, అందులో విరోధం ఉందని కూడా మనకు తట్టదు. కాస్త ఆగి చూడండి. రహస్యం అంటే పదిమందికీ తెలియనిది. బహిరంగం అంటే పదిమందికీ తెలిసినది. నిఘంటువు ప్రకారం ఈ రెండూ ఒకచోట ఉండలేవు. అయినా ఆ మాట వినగానే అర్థమవుతుంది. ఒక అధికారి లంచం తీసుకుంటాడని ఆఫీసులో అందరికీ తెలుసు, కానీ ఎవరూ పైకి అనరు. తెలియడం దగ్గర అది బహిరంగం, మాట్లాడడం దగ్గర రహస్యం. అంటే రెండు పదాలూ రెండు వేర్వేరు విషయాల్లో నిజమవుతున్నాయి.

మంచి ఆక్సిమోరాన్ పనిచేసే తీరు ఇదే. మాటలు ఢీకొంటాయి, ఆ తాకిడికి చదివేవాడు ఒక్క క్షణం ఆగి, ఒక పదం ఏ విషయంలో నిజమో, రెండోది ఏ విషయంలో నిజమో వెతుక్కుంటాడు. ఆ రెండు విషయాలనూ మీరు చెప్పగలిగితే ఉదాహరణను వివరించినట్టే. పరీక్షలో పది ఉదాహరణల జాబితా రాసి వదిలేసిన జవాబు కన్నా, ఒక్క ఉదాహరణను ఇలా విప్పి చూపిన జవాబుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మరో మాట ‘జీవచ్ఛవం’. జీవత్, శవం కలిసి సంధి జరిగి అలా అయింది. బతికి ఉన్న శవం. శరీరం విషయంలో జీవం, మనసు విషయంలో మరణం. పదాల్లో ఏదైనా మార్చి చూస్తే దీని బలం తెలుస్తుంది. ‘జీవం ఉడిగిన మనిషి’ అంటే అలసట మాత్రమే కనిపిస్తుంది. ‘శవంలాంటి మనిషి’ అంటే ఉపమ అయిపోతుంది, ‘లాంటి’ అనగానే విరోధం చల్లారిపోతుంది. ‘మౌనరోదన’, ‘నిశ్శబ్ద విప్లవం’ వంటి వాటిమీద కూడా ఇదే పరీక్ష చేసి చూడండి.

ఇక విరోధాభాసం. రెండూ దగ్గరి చుట్టాలే గాని ఒకటి కావు. విరోధం ఉన్నట్టు తోచి, ఆలోచిస్తే లేకుండా పోవడం విరోధాభాసం. పేరులోని ‘ఆభాసం’ ఆ సంగతే చెబుతోంది. అప్పయ్య దీక్షితుల ‘కువలయానందం’లో ఉన్న ఉదాహరణ సారాంశం ఇది: హారం లేకపోయినా హారిగా ఉంది. ‘హారి’ అంటే హారం కలది అని ఒక అర్థం. ఆ అర్థం తీసుకుంటే హారం లేనిదానికి హారం ఉండడం ఎలా అని అడ్డు తగులుతుంది. ‘హారి’ అంటే మనోహరమైనది అని ఇంకో అర్థం. అది తట్టిన మరుక్షణం విరోధం మాయమవుతుంది. హారం లేకున్నా మనోహరంగా ఉంది, అంతే. శ్లేష చేసిన చమత్కారం పూర్తయింది.

‘తీపి దుఃఖం’లో అలా జరగదు. అర్థమయ్యాక కూడా తీపి తీపిగానే, దుఃఖం దుఃఖంగానే మిగులుతాయి. విరోధాభాసం విప్పగానే ఊడిపోయే ముడి, ఆక్సిమోరాన్ ఎలా పడిందో తెలిశాక కూడా బిగిసే ఉండే ముడి. పైగా విరోధాభాసం మొత్తం వాక్యానికో పద్యానికో విస్తరించవచ్చు, ఆక్సిమోరాన్ సాధారణంగా రెండు మూడు పదాల్లోనే ఇమిడిపోతుంది. వాక్యంగా పెరిగిన విరోధాన్ని ఇంగ్లీషులో ప్యారడాక్స్ అంటారు. తెలుగు పుస్తకాల్లో ఆక్సిమోరాన్, ప్యారడాక్స్ రెంటికీ విరోధాభాసం అనే రాయడం కద్దు. సౌకర్యం కోసం అలా వాడినా, తేడా అడిగితే చెప్పగలగాలి.

మీది సాహిత్యం కనుక షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియెట్’ ఎలాగూ మీ దారిలోకి వస్తుంది. అందులో ఒక పోలిక నాకు తరగతిలో ఎప్పుడూ బాగా ఉపయోగపడుతుంది. మొదటి అంకం మొదటి రంగంలో రోమియో ప్రేమ గురించి వాపోతూ ఆక్సిమోరాన్లను గుట్టగా పోస్తాడు: సీసపు ఈక, వెలిగే పొగ, చల్లని నిప్పు, రోగిష్టి ఆరోగ్యం. అప్పటికి అతనికి జూలియెట్ ఎవరో తెలియదు, ప్రేమ రోజలిన్ మీద. ఆ మాటలను ఒక్కొక్కటిగా విప్పడానికి ప్రయత్నించండి. ‘చల్లని నిప్పు’లో చలి ఏ విషయంలో, వేడి ఏ విషయంలో అని అడిగితే గట్టి జవాబు దొరకదు. వాటిని ఒకదాని స్థానంలో మరొకటి పెట్టినా ఏమీ చెడదు. అది షేక్‌స్పియర్ లోపమని నేను అనుకోను. ప్రేమకవిత్వపు ఫ్యాషన్‌ను అరువు తెచ్చుకున్న కుర్రవాడు అలాగే మాట్లాడాలి.

మూడో అంకం రెండో రంగంలో జూలియెట్ కూడా ఇలాంటి మాటలే అంటుంది. తన అన్న వరసైన టైబాల్ట్‌ను తన భర్త రోమియో చంపాడని దాది చెప్పినప్పుడు, ‘అందమైన క్రూరుడా, దేవదూతవంటి పిశాచమా’ అని భర్తను తలచుకుంటుంది. ఇక్కడ ఏ పదాన్నీ కదపలేం. ‘అందమైన’ అన్నది ఆమె ప్రేమించిన మనిషి, ‘క్రూరుడు’ అన్నది ఇప్పుడే విన్న పని చేసిన మనిషి. ఇద్దరూ ఒక్కరే కావడం ఆమె కష్టం. కాసేపటికి దాది అందుకుని రోమియోను శపించగానే ఆమె దాదినే గట్టిగా తిడుతుంది, ఆ తరువాత అలాంటి మాటలు ఆగిపోతాయి. తానెటో తేల్చుకున్నాక ఆ పదాలతో పని తీరిపోయింది. ఒకే నాటకంలో ఒకే అలంకారం ఒకరి నోట అలంకరణ, మరొకరి నోట అవసరం. ‘తీపి దుఃఖం’ కూడా ఈ నాటకంలోదే, రెండో అంకం రెండో రంగంలో వీడ్కోలు చెబుతూ జూలియెట్ అన్నది. వెళ్లిపోవడం దుఃఖం. కానీ వీడ్కోలు చెప్పుకుంటున్నంతసేపూ ఎదురుగా ఉండవచ్చు, అది తీపి.

రెండు హెచ్చరికలు మాత్రం క్లుప్తంగా. ‘నిజాయితీపరుడైన రాజకీయ నాయకుడు’ అని ఎవరైనా ఉదాహరణ ఇస్తే నవ్వండి గాని రాసుకోకండి. ఆ రెండు మాటల అర్థాల్లో వైరం లేదు, వైరం చెప్పినవాడి అభిప్రాయంలో ఉంది. అది వ్యంగ్యం. అలాగే ‘కచ్చితమైన అంచనా’, ‘ఒరిజినల్ కాపీ’ వంటివి మాటల్లో యథాలాపంగా దొర్లిపోతాయి. విరోధం ఉంది కాబట్టి ఉదాహరణలుగా పనికొస్తాయి, అయితే అన్నవాడు అలంకారం ఉద్దేశించలేదు కాబట్టి కవితా ప్రయోజనం గురించి అడిగినప్పుడు వాటిని వాడకపోవడం మంచిది.

చివరగా, నా తరగతిలో ఎప్పుడూ వాదనకు దారితీసే మాటలు కొన్ని ఉన్నాయి: ‘తెలిసీ తెలియని వయసు’, ‘వచ్చీ రాని మాటలు’, ‘కనిపించీ కనిపించని నవ్వు’. ఒక క్రియనూ దాని వ్యతిరేక రూపాన్నీ జోడించి ఒకే నామవాచకానికి విశేషణం చేయడం తెలుగుకు ఎంతో సహజం. రూపం చూస్తే అచ్చమైన ఆక్సిమోరాన్. ఇవి ఆ కోవలోకే వస్తాయని వాదించే విద్యార్థులు ప్రతి ఏడాదీ ఉంటారు. నేను ఒప్పుకోను. ‘వచ్చీ రాని మాటలు’ అంటే సగం వచ్చిన మాటలు, ‘కనిపించీ కనిపించని నవ్వు’ అంటే లీలగా కనిపించిన నవ్వు. ఉన్నదానికీ లేనిదానికీ మధ్య ఎక్కడో ఒక మెట్టు మీద నిలబడ్డాయి, అంటే పరిమాణం చెబుతున్నాయి. ‘తెలిసీ తెలియని వయసు’ దగ్గర మాత్రం నా వాదన కొంచెం సడలుతుంది. సగం తెలిసిన వయసు అని దాన్ని తిరగరాస్తే ఏదో పోయినట్టు ఉంటుంది. కొన్ని పూర్తిగా తెలుసు, వాటి పర్యవసానాలు అసలే తెలియవు అనుకుంటే రెండు పదాలకూ రెండు విషయాలు దొరుకుతాయి. అలా చదివి, కారణం చూపి, ఆక్సిమోరాన్ అని రాస్తే నేను మార్కులు తగ్గించను.